షాపు వేరే చోటికి మారుతున్నామని ప్రకటన రాయడం ఎలా: కొండగుర్తులు, తేదీ, కృతజ్ఞతలతో సహా సమగ్ర మార్గదర్శి

షాపు మారుతున్నామని ప్రకటన రాసేటప్పుడు చాలామంది తమ ఫోన్‌లో నంబరు ఉన్న కస్టమర్లను దృష్టిలో పెట్టుకుంటారు. నిజానికి వాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, దారి తెలియకపోతే ఫోన్ చేసి అడిగేస్తారు. అసలు అవసరం ఇంకొకరికి ఉంటుంది: ఎప్పుడో ఏడెనిమిది నెలల కిందట ఒకసారి వచ్చి, మీ పని నచ్చి, మళ్లీ అవసరం పడినప్పుడు నేరుగా పాత షాపుకే వచ్చి దించేసిన షట్టర్ ముందు నిలబడిపోయే మనిషికి. ఆ మనిషి దగ్గర మీ నంబరు ఉండకపోవచ్చు, మీ స్టేటస్ చూసి ఉండకపోవచ్చు. పక్క షాపులో అడిగితే "ఖాళీ చేసి వెళ్లిపోయారండీ" అంటారు. అంతటితో ఆ కస్టమర్ పోయినట్టే.

అందుకే ప్రకటన ముందు ఆ మనిషి కోసం రాయండి. షట్టర్ ముందు నిలబడ్డవాళ్లకు అర్థమయ్యేలా రాసింది మిగతా అందరికీ అర్థమవుతుంది, కానీ వాట్సాప్ కోసం రాసుకున్న పోస్టరు తెచ్చి గోడకు అతికిస్తే సగం పని కూడా చేయదు.

కింద అంతా ఒక టైలరింగ్ షాపును ఉదాహరణగా తీసుకుని చెబుతాను. టైలర్ షాపే ఎందుకంటే అక్కడ కస్టమర్ వస్తువు మన చేతిలో ఉంటుంది. గుడ్డ ఇచ్చారు, అడ్వాన్స్ కట్టారు, ఇంట్లో పెళ్లి ఉంది, షాపు మూసేసి ఉంది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. రిపేరు షాపులు, లాండ్రీలు, ఫొటో స్టూడియోలు, ఎవరి వస్తువైనా తీసుకుని తర్వాత తిరిగిచ్చే షాపు ఏదైనా ఇదే వరస.

మొదటి మెట్టు: రాయడానికి ముందు ఈ మూడూ ఖాయం చేసుకోండి

పాత షాపులో ఆఖరి రోజు ఏది, కొత్త షాపు తెరిచే రోజు ఏది, మధ్యలో ఎన్ని రోజులు ఎక్కడా దొరకరు. ఈ మూడూ కాగితం మీద పెట్టుకోకుండా ప్రకటన మొదలుపెట్టకండి. దాదాపు అందరూ రెండోది మాత్రమే రాస్తారు. ఆఖరి రోజు, మధ్యలో ఖాళీ రోజులు రాయకపోవడం వల్లే "మూసేశారట" అన్న మాట పుడుతుంది.

మన ఉదాహరణలో పాత షాపు ఆఖరి రోజు 10 జూన్ 2026, బుధవారం. కొత్త షాపు తెరిచేది 15 జూన్ 2026, సోమవారం. అంటే గురువారం నుంచి ఆదివారం వరకు నాలుగు రోజులు రెండు చోట్లా షట్టర్ దించే ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో డెలివరీ తేదీ ఉన్న రసీదులు ఎన్ని ఉన్నాయో పుస్తకం తీసి చూడండి. వాళ్లకు పోస్టరు చాలదు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "బుధవారం సాయంత్రంలోగా తీసుకెళ్తారా, సోమవారం కొత్త షాపు దగ్గరికి వస్తారా" అని అడగాల్సిందే. ఆ నాలుగు రోజులకు కొత్తగా ఏ డెలివరీ ఒప్పుకోకుండా ఉంటే మరీ మంచిది.

తెరిచే తేదీ విషయంలో నేను కాస్త మొండిగానే చెబుతాను: కొత్త చోట కరెంటు కనెక్షన్ వచ్చి, షట్టర్ తాళం మీ చేతిలో పడి, బోర్డు తగిలించేవాళ్లు రోజు చెప్పేదాకా తేదీని ప్రింటుకు ఇవ్వకండి. అంతకు ముందే చెప్పాల్సి వస్తే "జూన్ మధ్యలో మారుతున్నాం, తేదీ త్వరలో చెబుతాం" అని నోటితో చెప్పండి, కౌంటర్ మీద చిన్న కాగితం పెట్టండి. ప్రింటు చేసిన తేదీ తప్పితే రెండోసారి చెప్పిన తేదీని ఎవరూ నమ్మరు, ఫోన్ చేసి కనుక్కున్నాకే బయలుదేరతారు. ఒక్కొక్కరు ఫోన్ కూడా చేయరు, దగ్గర్లో ఉన్న ఇంకో టైలర్ దగ్గరికి వెళ్లిపోతారు.

రెండో మెట్టు: తేదీ రాసే తీరు

"వచ్చే సోమవారం నుంచి" అని రాయకండి. శనివారం చదివినవాళ్లకు అది ఎల్లుండి, మంగళవారం చదివినవాళ్లకు ఆరు రోజుల తర్వాత, మెసేజ్ మూడు వారాలకు ఫార్వర్డ్ అయి వచ్చినవాళ్లకు అసలు ఏ సోమవారమో తెలియదు. వారం, తేదీ, నెల, ఏడాది, గంట అన్నీ రాయండి. వారం ఎందుకంటే తేదీలో అచ్చుతప్పు పడితే వారం పట్టిస్తుంది. 15 బదులు 16 పడిందనుకోండి, "16 సోమవారం" అని చూసినవాళ్లలో ఎవరో ఒకరు ఆగి అడుగుతారు. ఏడాది ఎందుకంటే పాత మెసేజ్‌లు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి.

ఇంకొకటి. ప్రారంభోత్సవం గంట వేరు, పని మొదలయ్యే గంట వేరు. ఉదయం ఏడింటికి మీరు నలుగురినీ పిలిచి షాపు తెరిచినా, కొలతలు తీసుకోవడం పదింటికి మొదలవుతుందంటే ప్రకటనలో పదే రాయాలి. పిలుపు కోసం వచ్చేవాళ్లకు విడిగా చెప్పుకోవచ్చు. రెండు గంటలూ ఒకే కాగితం మీద ఉంటే ఏడింటికే గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్లుంటారు, అప్పుడు మిషన్లకు ఇంకా బెల్టులు కూడా ఎక్కించి ఉండవు.

మూడో మెట్టు: దారి చెప్పడం (దీని మీదే ఎక్కువ సేపు కూర్చోండి)

చిరునామా వేరు, దారి వేరు. డోర్ నంబరు, వీధి పేరు కొరియర్‌కు, మ్యాప్‌కు పనికొస్తాయి. నడిచి వచ్చే మనిషికి మాత్రం కొండగుర్తు కావాలి. ప్రకటనలో రెండూ ఉండాలి, కానీ దారి పెద్ద అక్షరాల్లో, డోర్ నంబరు కింద చిన్నగా ఉండాలి.

దారి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? పాత షాపు నుంచే. మీ కస్టమర్లందరికీ తెలిసిన చోటు ప్రపంచంలో అదొక్కటే. "పాత షాపు దగ్గర నిలబడి..." అని మొదలుపెడితే ఎవరూ తప్పిపోరు.

మన టైలర్ షాపు సంగతి చూద్దాం. పాత షాపు మెయిన్ రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి బస్టాండ్ వైపు నడిస్తే ఎడమ చేతికి పెట్రోల్ బంకు వస్తుంది. బంకు దాటగానే ఎడమకు ఒక సందు. సందులోకి వెళ్లాక కుడి చేతికి రెండో షట్టర్, పైన పంటి డాక్టరు క్లినిక్ ఉంది. షాపు యజమాని మొదట ఎలా రాస్తారంటే దాదాపు ఇలా ఉంటుంది:

*"పెట్రోల్ బంకు వెనుక, డెంటల్ క్లినిక్ బిల్డింగ్‌లో, మొదటి షాపు పక్కన."*

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా మనిషి చేరలేడు. "వెనుక" అంటే బంకు లోపలి నుంచి వెళ్లాలా, చుట్టూ తిరిగి వెళ్లాలా? క్లినిక్ బోర్డు సందులోకి తిరిగాకే కనిపిస్తుంది, మెయిన్ రోడ్డు మీద ఎంతసేపు వెతికినా కనబడదు. "బిల్డింగ్‌లో" అంటే మేడ మీదా, కిందా? "మొదటి షాపు" ఎటు నుంచి లెక్కపెడితే మొదటిది?

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. కొండగుర్తులు రెండు రకాలుగా కావాలి. ఒకటి మలుపు తిరగడానికి ముందే, దూరం నుంచే కనిపించేది. ఇక్కడ పెట్రోల్ బంకు. రెండోది మలుపు తిరిగాక, "సరైన సందులోనే ఉన్నాను" అని ధైర్యం ఇచ్చేది. ఇక్కడ క్లినిక్ బోర్డు. రెండో రకాన్ని మొదటి దాని చోట వాడితే మనిషి మెయిన్ రోడ్డు మీదే తిరుగుతూ ఉంటాడు. దారి తప్పామని వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం ఇదే. ఏ వరుసలో కళ్లకు కనబడతాయో అదే వరుసలో రాయండి.

కొండగుర్తు ఎంచుకోవడంలో ఇంకా చూడాల్సింది అది నిలిచేదేనా అని. పెట్రోల్ బంకు, పోస్టాఫీసు, స్కూలు, వాటర్ ట్యాంకు లాంటివి తొందరగా కదలవు. తోపుడు బండి, ఆకుపచ్చ గేటు, కట్టుబడిలో ఉన్న బిల్డింగ్, మొబైల్ షాపు, పెద్ద హోర్డింగ్ మీద బొమ్మ వద్దు. గేటుకు రంగు మారుస్తారు, హోర్డింగ్ నెల తిరక్కుండా మారిపోతుంది. రోడ్డుకు అటొకటి ఇటొకటి ఒకే కంపెనీ బంకులు ఉంటే "పెట్రోల్ బంకు" కూడా చాలదు, బస్టాండ్ వైపు వెళ్తుంటే ఎడమ చేతి బంకు అని విడమరచి చెప్పాలి. ఏటీఎంలతో కూడా ఇదే తంటా, ఒకే రోడ్డు మీద నాలుగుంటాయి.

కుడి, ఎడమల గురించి. అవి చదివేవాళ్లు ఎటు నుంచి వస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి ఆ సంగతి చెప్పకుండా రాసిన "ఎడమ" పనికిరాదు. మన ఉదాహరణలో పాత షాపు నుంచి వచ్చేవాళ్లకు బంకు దాటాక ఎడమ సందు. అదే బస్టాండ్‌లో దిగి వచ్చేవాళ్లకు బంకు రాకముందే కుడి సందు! అంటే ఒకరికి "దాటాక" ఉన్నది ఇంకొకరికి "రాకముందు" అవుతుంది. దీన్ని పట్టించుకోకుండా "బంకు దాటాక" అని ఒకటే రాస్తే, బస్సు దిగి వచ్చినవాళ్లు సందును వదిలేసి, బంకును కూడా దాటి పాత షాపు దాకా నడుస్తారు. సందులోకి వచ్చాక మాత్రం అందరూ ఒకే వైపు నుంచి వస్తారు కాబట్టి "కుడి చేతికి రెండో షట్టర్" ఇద్దరికీ సరిపోతుంది. అందుకని రెండు వైపుల దారీ రాయండి, రెండు వాక్యాలకు మించదు.

*పాత షాపు నుంచి: బస్టాండ్ వైపు నడవండి. ఎడమ చేతికి పెట్రోల్ బంకు వస్తుంది, అది దాటగానే ఎడమ సందు.*
*బస్టాండ్ నుంచి: పాత షాపు వైపు రండి. కుడి చేతికి పెట్రోల్ బంకు కనిపిస్తుంది, దానికి ముందే కుడి సందు.*
*సందులో కుడి చేతికి రెండో షట్టర్. పైన పంటి డాక్టరు క్లినిక్, కింద మేము. మెట్లు ఎక్కక్కర్లేదు.*

"మెట్లు ఎక్కక్కర్లేదు" అన్నది కావాలనే పెట్టాను. "మొదటి అంతస్తు" అంటే కొందరికి నేల మీదది, కొందరికి దాని పైది. మెట్లు ఉన్నాయో లేవో చెబితే ఆ గొడవ ఉండదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కావలసిన సమాచారం కూడా అందులోనే వచ్చేస్తుంది. మెట్లు ఉంటే లిఫ్ట్ ఉందో లేదో కూడా రాయండి.

దూరం రాసేటప్పుడు "దగ్గర్లోనే" అనకండి, నడిచి ఎన్ని నిమిషాలో రాయండి. మీరు గబగబా నడిచి చూసుకుని కాకుండా, చేతిలో సంచి ఉన్న మనిషి నడకతో లెక్క వేయండి.

ఇదంతా రాశాక ఒక పరీక్ష. ఆ ప్రాంతం తెలియని ఒకరికి ఆ కాగితం ఇచ్చి, ఫోన్ తీయకుండా, ఎవరినీ అడగకుండా రమ్మనండి. మీరు వెనకాల నడవండి, నోరు మాత్రం విప్పకండి. వాళ్ల అడుగు ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ తల తిప్పి వెతుకుతారో, ఆ చోట వాక్యం బాగోలేదన్నమాట. మీరు ఆ దారి బాగా తెలిసినవారు కాబట్టి ఆ లోటు మీ అంతట మీకు కనబడదు.

నాలుగో మెట్టు: పాత షాపు దగ్గర పెట్టే నోటీసు

నోటీసు మొదటి వాక్యం కస్టమర్‌కు వచ్చే మొదటి అనుమానాన్ని తీర్చాలి. మూసేశారా? లేదు, మారాం. నా బట్ట ఏమైంది? భద్రంగా ఉంది. ఆ తర్వాతే మిగతావి. మన షాపు నోటీసు ఇలా ఉండవచ్చు:

*షాపు మూయలేదు, మారింది.*
*(షాపు పేరు) టైలర్స్*
*బస్టాండ్ వైపు నడవండి. ఎడమ చేతికి పెట్రోల్ బంకు, అది దాటగానే ఎడమ సందు. సందులో కుడి చేతికి రెండో షట్టర్, క్లినిక్ కింద. నడిచి 5 నిమిషాలు.*
*15 జూన్ 2026, సోమవారం ఉదయం 10 గంటల నుంచి కొత్త షాపులో.*
*11 నుంచి 14 వరకు సెలవు. మీరు కుట్టడానికిచ్చిన బట్టలు, మీ కొలతలు అన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. పాత రసీదు చాలు.*
*ఫోన్: (నంబరు)*

ఇక్కడ బస్టాండ్ నుంచి వచ్చే దారి లేదు, గమనించారా. ఈ నోటీసు చదివే మనిషి పాత షాపు ముందే నిలబడి ఉన్నాడు, కాబట్టి అక్కర్లేదు. పాత చిరునామా కూడా ఎక్కడా రాయలేదు. ఒకే కాగితం మీద పాతది, కొత్తది రెండూ అచ్చువేస్తే ఫొటో తీసుకుని పోయినవాళ్లు తర్వాత పాతదే చూసి బయలుదేరే ప్రమాదం ఉంది.

"పాత రసీదు చాలు" అన్న మూడు మాటలు టైలర్ షాపుకు బంగారం లాంటివి. రసీదు మీద పాత అడ్రస్ ఉంది కదా, చెల్లుతుందో లేదో అని కొందరు నిజంగానే సందేహపడతారు. కొలతల పుస్తకం కూడా వెంటే వచ్చిందని చెబితే, మళ్లీ కొలతలు ఇచ్చుకోవాలేమో అన్న బెంగ పోతుంది.

నోటీసు ఎక్కడ అతికించాలన్నది మాటల కంటే తక్కువ విషయమేమీ కాదు. అందరూ షట్టర్ మీద అతికిస్తారు. ఆ షాపులోకి కొత్తవాళ్లు దిగిన మొదటి రోజే షట్టర్ పైకి లేస్తుంది, దాంతో మీ నోటీసు కూడా చుట్టలోకి వెళ్లిపోతుంది. షట్టర్ పక్కన స్తంభం మీదనో గోడ మీదనో, కంటి ఎత్తులో పెట్టండి. దానికి ఆ బిల్డింగ్ యజమానితో, వీలైతే కొత్తగా వచ్చేవాళ్లతో కూడా ముందే మాట్లాడి ఇన్ని నెలలు ఉండనివ్వమని అడగండి. వెళ్లే రోజు హడావిడిలో అడిగితే ఒప్పుకున్నా గుర్తుపెట్టుకోరు.

బాణం గుర్తు వేస్తే బాగుంటుంది, కానీ నోటీసు ఏ గోడ మీద పెడతారో తేలాకే వేయించండి. రోడ్డుకు ఎదురుగా ఉన్న గోడ మీద బాణం కుడికి చూపిస్తే, అదే కాగితాన్ని పక్క గోడకు మార్చగానే బాణం ఇంకెటో చూపిస్తుంది. మామూలు ప్రింటరు కాగితం ఎండకు వెలిసిపోతుంది, వానకు కారిపోతుంది. చిన్న ఫ్లెక్సీయో, లామినేషన్ చేసి నాలుగు అంచులూ మూసిన కాగితమో పెట్టండి. అక్షరాల సైజుకు బోర్డులు చేసేవాళ్లు వాడే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు ఉండాలి. మన లిపిలో ఒత్తులు, గుడులు కింద మీద చేరతాయి కాబట్టి ఆ అంగుళాన్ని అసలు అక్షరానికి లెక్కవేయండి, వరుసకూ వరుసకూ మధ్య బాగా ఎడం ఇవ్వండి. "షాపు మూయలేదు, మారింది" అన్న వరుస రోడ్డు అవతలి నుంచి కూడా కనబడాలి, మిగతాది దగ్గరికి వచ్చి చదువుకుంటారు.

పక్క షాపులవాళ్ల దగ్గరికి వెళ్లి, మారిన సంగతితో పాటు దారి వాక్యం కూడా చెప్పండి, కొత్త చిరునామా ఉన్న కార్డులు ఓ పాతిక వాళ్ల కౌంటర్‌లో పెట్టి రండి. కస్టమర్ ముందు అడిగేది వాళ్లనే.

అయిదో మెట్టు: కృతజ్ఞతలు ఎక్కడ, ఎలా

కృతజ్ఞతలు రాయాలి, మనస్ఫూర్తిగా రాయాలి. కానీ పైన కాదు. పాత షాపు ఫొటో వేసి, పెద్ద అక్షరాల్లో "ఇన్నేళ్లుగా ఆదరించిన అందరికీ ధన్యవాదాలు" అని మొదలుపెడితే చూసినవాళ్లు మీరు షాపు ఎత్తేస్తున్నారనే అనుకుంటారు. ఫోన్‌లో ప్రకటన కిందికి జరపకుండా పైన మూడు వరుసలు చదివి వదిలేసేవాళ్లు ఎక్కువ కదా, ఆ మూడు వరుసల్లో వీడ్కోలు వాసన ఉంటే చాలు, "అయ్యో మూసేస్తున్నారట" అని ఇంకో పదిమందికి చెబుతారు. ముందు మారామన్న వార్త, దారి, తేదీ. వాటి తర్వాత కృతజ్ఞత.

ఇక మాటలు. "మీకు మరింత మెరుగైన సేవలు అందించడానికి" అన్న వాక్యం ప్రతి పోస్టరు మీదా ఉంటుంది, ఎవరి కంటికీ ఆనదు. కస్టమర్లు మీ కోసం నిజంగా ఏం చేశారో అది రాయండి. టైలర్ షాపు వాళ్లయితే ఇలా:

*"పండగ రద్దీలో ఒక రోజు అటూ ఇటూ అయినా ఓపిక పట్టారు. మీ పిల్లల స్కూలు యూనిఫాం నుంచి వాళ్ల పెళ్లి బట్టల దాకా మాకే ఇచ్చారు. పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. మీ అందరికీ మా నమస్కారాలు. చోటు మారుతోంది, కుట్టే చేతులు అవే."*

ఆఖరి వాక్యం మీ షాపులో నిజమైతేనే పెట్టండి. కుట్టేవాళ్లు కూడా మారుతుంటే తీసేయండి. ఎందుకు మారుతున్నారో ఒక్క ముక్కలో చెప్పడం కూడా మంచిదే: చోటు చాలడం లేదు, అగ్రిమెంటు ముగిసింది, పార్కింగ్ లేదు. అంతకు మించి పాత యజమానితో ఏదైనా గొడవ జరిగి ఉంటే అది ప్రకటనలోకి రానివ్వకండి. నోటీసు గోడ మీద నిలవాలంటే ఆయన ఒప్పుకోవాలి మరి.

ఆరో మెట్టు: ఫోన్లకు పంపడం

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక కిటుకు తెలియక చాలామంది నష్టపోతారు. మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మీ దగ్గర వాళ్ల నంబరు ఉంటే చాలదు. కాబట్టి రసీదు పుస్తకంలో నంబర్లన్నీ కలిపి ఒక్కసారి బ్రాడ్‌కాస్ట్ చేసేసి అందరికీ చెప్పేశాం అనుకోవద్దు. ముఖ్యమైనవాళ్లకు, బట్ట మన దగ్గరున్నవాళ్లకు విడివిడిగా పంపండి.

లొకేషన్ పంపేటప్పుడు కొత్త షాపు గుమ్మం ముందు నిలబడి `Send your current location` నొక్కండి. `Share live location` నొక్కితే అది మీ ఫోన్‌తో పాటు కదులుతుంది, ఎంచుకున్న గడువు కాగానే, మహా అయితే 8 గంటలకు, ఆగిపోతుంది. దాన్ని మర్నాడు తెరిచినవాళ్లకు దారి దొరకదు. లొకేషన్‌తో పాటు పైన రాసుకున్న దారి వాక్యాలు, షాపు ముఖం ఫొటో కూడా పంపండి. ఫొటో పగటిపూట, బోర్డు తగిలించాక, మనిషి నడిచి వచ్చే వైపు నుంచే తీయాలి. ఎదురుగా నిలబడి తీసిన ఫొటో అందంగా ఉంటుంది, కానీ సందులో నడిచి వచ్చే మనిషికి షాపు ఆ కోణంలో కనబడదు.

వాట్సాప్ లేనివాళ్లకు మామూలు ఎస్ఎంఎస్ పంపాలంటే పొడవు చూసుకోవాలి. తెలుగులో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే, అందులో గుణింతం గుర్తులు, పొల్లులు, ఖాళీలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. "షాపు" కంటికి రెండు అక్షరాలు, లెక్కలో నాలుగు. "మా టైలర్ షాపు మారింది. కొత్త చోటు: పెట్రోల్ బంకు పక్క సందు, రెండో షట్టర్. జూన్ 15 నుంచి." ఇది 88 అవుతుంది, అంటే రెండు మెసేజ్‌ల కింద లెక్క. "టైలర్ షాపు మారింది. పెట్రోల్ బంకు పక్క సందు. జూన్ 15 నుంచి." ఇది 59, ఒక్కదానిలో సరిపోతుంది. "టైలర్ షాపు" అన్నచోట మీ షాపు పేరు పెట్టుకుని మళ్లీ లెక్క చూసుకోండి. ఫోన్ నంబరు రాయక్కర్లేదు, మీ షాపు ఫోన్ నుంచే పంపితే పైన ఎలాగూ కనిపిస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు ఉంటే, పాతదాన్ని `Permanently closed` అని పెట్టి కొత్తది తెరవకండి. ఉన్న ప్రొఫైల్‌లోనే అడ్రస్ మార్చండి. అలా చేస్తేనే ఇన్నాళ్లుగా కస్టమర్లు రాసిన రివ్యూలు మీతో ఉంటాయి. కొత్త అడ్రస్‌కు మళ్లీ వెరిఫికేషన్ అడగవచ్చు, దానికి కాస్త సమయం పట్టవచ్చు కూడా. మూసి ఉంచే నాలుగు రోజులకు `Special hours`లో సెలవు పెట్టండి. అడ్రస్ మార్చాక మ్యాప్‌లో పిన్ ఎక్కడ పడిందో పెద్దది చేసి చూడండి. ఇలాంటి సందులో ఉన్న షాపుకు పిన్ తరచు మెయిన్ రోడ్డు మీదనో, వెనక వీధిలోనో పడుతుంది. దాన్ని గుమ్మం మీదికి జరపాలి, లేకపోతే మ్యాప్ జనాన్ని వెనక వీధి గోడ దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది.

ఏడో మెట్టు: తెరిచాక

పదిహేనో తారీఖు సాయంత్రం పాత చోటికి వెళ్లి నోటీసు మార్చండి. "15 జూన్ నుంచి తెరుస్తాం" అన్న వాక్యం ఆగస్టులో చదివితే పాతబడిన కాగితంలా ఉంటుంది, అసలు తెరిచారో లేదో అన్న అనుమానం వస్తుంది. తేదీ, సెలవు వాక్యాలు తీసేసి "ఇప్పుడు ఇక్కడ ఉన్నాం" అని పెట్టి, దారి, బట్టల వాక్యం, నంబరు ఉంచేయండి. ఈ రెండో నోటీసు మొదటిదానితో పాటే ప్రింటు చేయించి పెట్టుకుంటే తర్వాత తిరగక్కర్లేదు.

మొదటి వారాల్లో వచ్చిన ప్రతి కస్టమర్‌నూ రెండు ప్రశ్నలు అడగండి: "ఎలా తెలిసిందండీ?", "దారిలో ఎక్కడైనా తడుముకున్నారా?" రసీదు పుస్తకం చివరి పేజీలో గీత గీసి రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకే చోట తప్పిపోయామంటే దారి వాక్యంలో ఆ చోట మార్చి, మెసేజ్‌లోనూ నోటీసులోనూ సరిచేయండి. నోటీసు ఇంకెన్నాళ్లుండాలో కూడా రసీదులే చెబుతాయి. మీ పాత కస్టమర్లు మామూలుగా ఎంత గ్యాప్‌తో వస్తున్నారో చూడండి. ఏడాదికి ఒకసారి, పండక్కో పెళ్లికో మాత్రమే వచ్చేవాళ్లు గణనీయంగా ఉంటే ఏడాది పైగా ఉంచాలి. మధ్యలో నెలకోసారి అటు వెళ్లినప్పుడు చిరిగిందా, ఎవరైనా దాని మీద ఇంకేదైనా అతికించారా చూసుకోండి. పాత చోట నోటీసు చూసి వచ్చామనేవాళ్లు వస్తున్నంత కాలం దాన్ని తీయకండి.